సాయంత్రం దొరికే కాస్త ఖాళీలో అరగంట షోనా, గంట సిరీసా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. నా ఆఫీసు మధురవాడలో. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో అందరం ఒకేసారి టీవీ ముందు కూర్చునే సాయంత్రం వారానికి ఒకటి దొరికితే గొప్ప. మిగతా రోజుల్లో దొరికేవన్నీ ముక్కలే. పాప ట్యూషన్‌లో ఉన్నంతసేపు ఒక ముక్క, పాప పడుకున్నాక ఇంకో ముక్క. ఏ ముక్కలో ఏది పడుతుందో లెక్కలు వేసీ వేసీ నాకు అదో పిచ్చిగా తయారైంది. మెట్ల మీద, రైతుబజారులో, ఆఫీసు క్యాబులో నన్ను అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అరగంట షో అంటే నిజంగా అరగంటేనా?

కాదు. ‘అరగంట’, ‘గంట’ అనేవి టీవీ చానెల్ స్లాట్ల పేర్లు. అందులో యాడ్స్ కూడా కలిసి ఉంటాయి. అమెరికా చానెళ్ల కోసం తీసిన అరగంట కామెడీలో యాడ్స్ తీసేస్తే మిగిలేది 21, 22 నిమిషాలు. 1994 నుంచి 2004 దాకా వచ్చిన ‘ఫ్రెండ్స్’ ఈ కొలతకే తీసింది. అలాగే అక్కడి గంట డ్రామాలో అసలు కథ 42 నుంచి 44 నిమిషాలు. ఇప్పుడు మనం యాప్‌లో యాడ్స్ లేకుండా చూస్తాం కాబట్టి ‘గంట సిరీస్’ అనుకుని భయపడేది చాలాసార్లు ముప్పావు గంటే.

అయితే యాడ్స్ వేయని చోట్ల ఈ తగ్గింపు ఉండదు. హెచ్‌బీఓ వాళ్ల గంట డ్రామా 50 నిమిషాలు దాటి గంట దాకా సాగుతుంది. బీబీసీలో తీసిన గంట కూడా గంటకు ఒకటి రెండు నిమిషాలే తక్కువ. అంటే ‘గంట’ అన్న మాట కింద 42 నిమిషాలూ ఉండొచ్చు, 60 నిమిషాలూ ఉండొచ్చు. ఆ తేడా పద్దెనిమిది నిమిషాలు. మా ఇంట్లో ఆ టైములో కుక్కర్ పెట్టి, చారు కాచి, అప్పడాలు కూడా వేయించేయొచ్చు.

ఓటీటీ కోసమే తీసినవాటికి ఏ స్లాటూ లేదు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ రెండు గంటలు దాటింది. దాన్ని ఎపిసోడ్ అన్నారు గానీ అది సినిమాయే.

మాకు సాయంత్రం నలభై నిమిషాలు దొరుకుతుంది. గంట సిరీస్ మొదలుపెట్టొచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే. మా ఇంటి లెక్కే చెబుతాను.

ఆరింటికి ఆఫీసులో బయలుదేరితే హనుమంతవాక ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. పాపను ట్యూషన్‌లో దింపి వచ్చేసరికి ఏడుంబావు. మళ్లీ 7:55కి బయలుదేరితే ఎనిమిదింటికి గేటు దగ్గర ఉంటాను. పైకి చూస్తే నలభై నిమిషాలు. కానీ టీ కలుపుకుని, టీవీ పెట్టి, యాప్ తెరుచుకుని, నిన్న ఎక్కడ ఆపానో వెతుక్కునేసరికి నాలుగు నిమిషాలు పోతాయి. చివర బండి తాళం, చెప్పులు, లిఫ్టు కలిపి మూడు. చేతిలో మిగిలేది 33.

ఈ 33లో 22 నిమిషాల కామెడీ హాయిగా పడుతుంది, పైన పది నిమిషాలు బట్టలు మడతపెట్టుకోవడానికి కూడా మిగులుతుంది. 22 నిమిషాలవి రెండు పట్టవు, 44 అవుతుంది. 44 నిమిషాల డ్రామా కూడా పట్టదు. ఇక్కడిదాకా చిన్నపిల్లల లెక్కే. పట్టదని తెలిసీ మొదలుపెడతాం చూడండి, అక్కడే మోసపోతాం.

ఒకరోజు 44 నిమిషాల డ్రామా పెట్టాను. చూస్తూ చూస్తూ 7:55 అయింది. ఇంకా తొమ్మిది నిమిషాలుంది. తొమ్మిదే కదా అని కూర్చున్నాను. ఆ తర్వాత కిందికి దిగితే బండి స్టార్ట్ అవలేదు, కిక్ కొట్టీ కొట్టీ వెళ్లేసరికి పాప గేటు దగ్గర బ్యాగు మోసుకుని పన్నెండు నిమిషాలుగా నిలబడి ఉంది. ట్యూషన్ టీచరుగారు ఏమీ అనలేదు గానీ, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

తప్పు నా ఒక్కదానిదే కాదు, ఆ ఎపిసోడ్ కట్టిన తీరుది కూడా. గంట డ్రామాలో ముడులన్నీ మొదటి ముప్పావు భాగంలో పడతాయి, చివరి పావులో బిగుసుకుంటాయి. అంటే 33వ నిమిషం దగ్గర ఆపడమంటే సరిగ్గా లేవలేని చోట లేవడం. అందుకని గంట డ్రామాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే: పూర్తిగా చూడగలిగితే చూడాలి, లేదంటే ముందే అనుకుని సగంలో ఆపాలి. ముప్పావు చూసి ఆపడం అన్నిటికన్నా చెడ్డది. మనసు కథలోనే ఉంటుంది, కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది.

అరగంట కామెడీ తీరు దీనికి తలకిందులు. గొడవ తేలిపోయాక చివర ఒక నిమిషం చిన్న జోకు తోక ఉంటుంది. అది చూడకపోయినా ఏమీ పోదు. అందుకే టైము మించేలా ఉందని అనుమానం వచ్చినప్పుడు 22 నిమిషాల షోను 20 అని లెక్కేసుకోవచ్చు.

మరి సగంలో ఆపాలంటే ఎక్కడ ఆపాలి?

యాడ్స్ ఉన్న చానెళ్ల కోసం తీసిన డ్రామా అయితే ఆ పని వాళ్లే చేసిపెట్టారు. యాడ్ పడాల్సిన చోట తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. అంతకు ముందు ఎవరో ఒక మాట అంటారు, లేదా తలుపు తెరుచుకుంటుంది, సంగీతం ఒక్కసారి ఆగుతుంది. యాడ్స్ అయ్యాక మనం మళ్లీ రావాలని కట్టిన చోటు అది. గంట డ్రామాలో ఇలాంటివి నాలుగైదు ఉంటాయి, సుమారు ఎనిమిది నుంచి పదకొండు నిమిషాలకొకటి. నడిమధ్య వచ్చేదాంట్లో కథ పెద్ద మలుపు తిరుగుతుంది. 44 నిమిషాల ఎపిసోడ్‌లో అది సాధారణంగా 20, 24 నిమిషాల మధ్య ఉంటుంది.

‘హౌస్’ అనే ఆస్పత్రి డ్రామా చూసినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. 2004 నుంచి 2012 దాకా వచ్చింది, ఎపిసోడ్ 44 నిమిషాల లెక్క. ఒక రోగి వస్తాడు, డాక్టర్లు ఒక జబ్బు అనుకుంటారు, మందిస్తారు, నయమవుతున్నట్టే ఉండి ఉన్నట్టుండి విషమిస్తుంది, తెర నల్లబడుతుంది. నేను దాన్ని రెండు సాయంత్రాలకు పంచుకుని చూశాను. మొదటిరోజు ఆ నడిమి నల్లతెర దాకా. రెండోరోజు రెండు నిమిషాలు వెనక్కి జరిపి అక్కడి నుంచి చివరిదాకా. అంటే మొదటిరోజు 22, రెండోరోజు 24. రెండూ నా 33లో పట్టాయి. రోగి కథ ఆ ఎపిసోడ్‌లోనే తేలిపోతుంది కాబట్టి మూడోరోజుకు బాకీ ఏమీ ఉండదు.

ఆ రెండు నిమిషాలు వెనక్కి జరపడం మాత్రం మానకండి. నిన్న ఆ సీనులో ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో మనం మరిచిపోతాం, ఎపిసోడ్ మధ్యలో ‘ఇంతవరకు జరిగిన కథ’ ఎవరూ వేయరు.

ఓటీటీ కోసమే తీసినవాటిలో నల్లతెర దొరకదు. అక్కడ చోటు మారిన దగ్గర ఆపాలి: పోలీస్ స్టేషన్ సీను అయిపోయి కథ ఇంట్లోకి వచ్చినప్పుడు, రాత్రి అయిపోయి తెల్లవారినప్పుడు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా ఆపితే రెండోరోజు ఐదారు నిమిషాలు వెనక్కి వెళ్లాల్సిందే. మీరు రోజూ ఐదు నిమిషాలకు మించి వెనక్కి వెళ్తున్నారంటే ఆ సిరీస్ మీ ఖాళీకి సరిపడనిదని గుర్తు. ఆదివారానికి దాచిపెట్టుకోండి.

గంటది ఒకటి చూసే బదులు అరగంటవి రెండు చూస్తే ఒకటే కదా?

నిమిషాల్లో ఒకటే. మెదడుకు ఒకటి కాదు. 22 నిమిషాల కామెడీలో పెద్ద గొడవ ఒకటి, దాని పక్కన చిన్న గొడవ ఒకటి, అంతే. రెండో ఎపిసోడ్‌లో మళ్లీ మొదటి నుంచి. గంట డ్రామాలో మూడు నాలుగు కథలు పక్కపక్కన నడుస్తాయి. అవి ఎదగడానికే ఆ టైము. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చిన రోజున నాకు మూడు కథలు తలకెక్కవు.

ఇంకో తేడా, రెండు అరగంటల మధ్య లేవడానికి వీలుంటుంది. ‘ఏటమ్మా, పాలు పొంగిపోతన్నాయి!’ అని మా అత్తగారు వంటింట్లోంచి కేకేసే ఇల్లు మాది. అలాంటి ఇళ్లకు రెండు అరగంటలే మేలు.

అరగంట అంటే కామెడీ ఒక్కటేనా? నాకు కన్నీళ్లు పెట్టించే కథలు కావాలి.

ఒకప్పుడు దాదాపు అంతే. అరగంటంటే నవ్వు, గంటంటే ఏడుపు. ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. 2022లో మొదలైన ‘ద బేర్’ హోటల్ వంటింటి కథ. చాలా ఎపిసోడ్లు అరగంట చుట్టుపక్కలే, కానీ నవ్వు తక్కువ, గుండెదడ ఎక్కువ. మొదటి సీజన్‌లో ఏడో ఎపిసోడ్ 20 నిమిషాలే, చూసి లేచేసరికి నాకు రాత్రి షిఫ్టు చేసినంత అలసటొచ్చింది. కాబట్టి నిడివి చిన్నదైతే బరువు కూడా చిన్నదనుకోకండి. నిద్రకు ముందు అసలు పెట్టకండి.

అదే షోలో ఒక ఉచ్చు కూడా ఉంది. రెండో సీజన్ ఆరో ఎపిసోడ్ గంట దాటుతుంది. ఐదు ఎపిసోడ్లు అరగంట లెక్కలో చూసిన అలవాటుతో ఆరోది నలభై నిమిషాల ఖాళీలో మొదలుపెడితే అంతే సంగతులు. షోకు ఒక నిడివి అని నమ్మకూడదు, ప్రతి ఎపిసోడ్ నిడివీ చూడాలి. సీజన్ మొదటిది, చివరిది అయితే మరీ జాగ్రత్త. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ఎపిసోడ్లు చాలావరకు 47 నిమిషాల దగ్గర ఉంటాయి, మొదటి ఎపిసోడ్ 58. కొత్త షో మొదటి ఎపిసోడ్‌ను ఎప్పుడూ సెలవు రోజున పెట్టుకోవడం నా పద్ధతి.

తెలుగులో అరగంట కథ అంటే మా ఇంట్లో ఇప్పటికీ ‘అమృతం’. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారాలు వచ్చింది. అమృతరావు, ఆంజనేయులు, వాళ్ల అమృత విలాస్ హోటలు. చాలా కథలు ఆ వారంలోనే ముగిసేవి, కొన్ని మాత్రం వచ్చే వారానికి పాకేవి. పాకే కథ మొదలుపెట్టారని తెలిస్తే రెండు భాగాలకూ సరిపడా టైము ఉన్న రోజునే చూడండి.

తెలుగు ఓటీటీ సిరీస్‌ల సంగతేమిటి?

ఎక్కువ భాగం 25 నుంచి 45 నిమిషాల మధ్య తిరుగుతుంటాయి. నాలాంటివాళ్లకు ఇది చిక్కుముడి కొలత. 38 నిమిషాల ఎపిసోడ్ 33లో పట్టదు, అలాగని రెండుగా కోస్తే చెరో 19 నిమిషాలు, కథ రుచి తగలకుండానే ఆగిపోతుంది. పైగా యాడ్ల కోసం కట్టినవి కావు కాబట్టి నడుమ ఆగే చోటు ఉండదు. వీటికి నా దగ్గరున్న ఉపాయం ఒక్కటే. మొదట్లో వచ్చే పాత కథ, పేర్లు, చివర వచ్చే పేర్లు తీసేసి లెక్కపెట్టడం. 38లో మూడు నాలుగు నిమిషాలు అలా రాలిపోవచ్చు. అప్పుడు 34. టీ ముందే కలిపి ఫ్లాస్కులో పోసుకుంటే పట్టేస్తుంది. ఎపిసోడ్ 40 దాటితే మాత్రం ఆ తంటాలు వద్దు, రాత్రి ఖాళీకి వదిలేయండి.

ఖాళీ ఎంతసేపో ముందే తెలియకపోతే?

మా రాత్రి ఖాళీ అలాంటిదే. మా ఆయనకు బి షిఫ్టు ఉన్న వారం పదింటికి పని అయిపోతుంది. గేటు దాటి, గాజువాక, ఎన్‌ఏడీ మీదుగా ఇల్లు చేరేసరికి పదకొండుకు కాస్త ఇటూ అటూ. పాప తొమ్మిదీ నలభై ఐదుకు పడుకుంటుంది. అంటే నాకు గంటకు పైనే దొరుకుతుంది, కానీ ఎప్పుడు తెగుతుందో తెలియదు.

విచిత్రం ఏమిటంటే గంట డ్రామాకు ఇదే సరైన చోటు. ట్యూషన్ ఖాళీ చివర పాప గేటు దగ్గర నిలబడి ఉంటుంది, ఒక్క నిమిషం మించినా తప్పే. రాత్రి ఖాళీ చివర ఎవరూ ఎదురుచూడరు, నేనే ఎదురుచూస్తాను. ఆయన వచ్చేసరికి ఇంకా ఐదు నిమిషాలుంటే స్నానం చేసి వచ్చేలోపు అయిపోతుంది. కాబట్టి ఖాళీ ఎంత పొడుగో చూసే ముందు దాని చివర ఏముందో చూసుకోండి. కదలని టైము ఉంటే అరగంటది, అటూ ఇటూ జరిగే టైము అయితే గంటది. నలభై నిమిషాల గట్టి ఖాళీ కన్నా యాభై నిమిషాల వదులు ఖాళీ డ్రామాకు ఎంతో నయం.

ఒక్క శత్రువు, నిద్ర. పదిన్నర దాటాక నాకు కళ్లు మూతపడతాయి. ఆ టైములో సబ్‌టైటిల్స్ చదవాల్సిన సిరీస్ పెడితే మర్నాడు ఏం చూశానో గుర్తుండదు. తెలుగు డబ్బింగ్ ఉన్నదే పెట్టుకుంటాను.

కొరియన్ డ్రామాల్లో ఒకే సిరీస్‌ను ఒకచోట 16 ఎపిసోడ్లు, ఇంకోచోట 32 అంటారేంటి?

కథ అదే, కోత వేరు. అక్కడి పెద్ద చానెళ్లకు ఒకప్పుడు కార్యక్రమం నడుమ యాడ్స్ వేసే అనుమతి లేదు. అందుకని 2017 ప్రాంతం నుంచి గంట పైచిలుకు ఎపిసోడ్‌ను రెండుగా కోసి, రెండు ఎపిసోడ్లు అని పేరు పెట్టి, మధ్యలో యాడ్స్ వేసుకున్నారు. అలా 16 కాస్తా 32 అయింది, ఒక్కోటి 35 నిమిషాల చొప్పున. 2021లో నడుమ యాడ్స్‌కు అనుమతి వచ్చింది. మీకు 32 లెక్కలో ఉన్నది దొరికితే వదలకండి, ఎక్కడ ఆపాలో వాళ్లే కోసి ఇచ్చారు.

టీవీలో వచ్చే డైలీ సీరియల్‌ను యాప్‌లో చూస్తే ఎంత టైము మిగులుతుంది?

మన దేశంలో నిబంధన ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి యాడ్స్ వేయకూడదు, చానెల్ సొంత ప్రచారం కూడా అందులోనే. అంటే అరగంటకు 6. మిగిలిన 24లో నిన్నటి ముక్క, టైటిల్ పాట, రేపటి ముక్క పోతాయి. అసలు కథ 20 నిమిషాలకు అటూ ఇటూ. అందులో ఒకే మొహాన్ని మూడు వైపుల నుంచి చూపించేది తీసేస్తే ఇంకెంత మిగులుతుందో మీరే చెప్పండి. మా అత్తగారికి మాత్రం ఆ మాట చెప్పకండి.

1.25 స్పీడ్‌లో పెట్టుకుంటే 44 నిమిషాలది 35లో అయిపోతుంది కదా?

అవుతుంది. 1.5లో అయితే ముప్పై లోపే. వంటల వీడియో, వార్తా కథనం, డాక్యుమెంటరీ అయితే నేనూ పెడతాను. కామెడీకి మాత్రం పెట్టకండి. జోకు మాటలో ఉండదు, మాట తర్వాత ఆగిన ఆ అరక్షణంలో ఉంటుంది, స్పీడ్ పెంచితే ముందు చచ్చేది ఆ అరక్షణమే. మా ఆఫీసులో ఒకబ్బాయి సిరీస్‌లన్నీ 1.5లో చూస్తాడు. ఏ కథైనా అడిగితే చెప్పగలడు, ఏది బాగుందో మాత్రం చెప్పలేడు.

పిల్లలు చూసే జపాన్ యానిమే 24 నిమిషాలంటున్నారు. హోంవర్కు ముందు ఒకటి చూడనివ్వొచ్చా?

మొదటి పాట నిమిషంన్నర, చివరి పాట నిమిషంన్నర. అవి దాటేస్తే 21 నిమిషాలు. చాలావాటిలో సగానికి కాస్త అటూ ఇటూగా షో పేరు ఒక్కసారి మెరిసి మాయమవుతుంది, టీవీలో యాడ్ పడే చోటు అది. ‘అది వచ్చేదాకా చూసి లే’ అంటే మా పాప లేస్తుంది. ‘పది నిమిషాలు చూసి లే’ అంటే లేవదు.

ఒకటి అయ్యాక తర్వాతిది దానంతట అదే మొదలైపోతోంది. ఆపేదెలా?

నెట్‌ఫ్లిక్స్‌లో అయితే బ్రౌజర్‌లో ఖాతా తెరిచి, మీ ప్రొఫైల్ సెట్టింగుల్లో తర్వాతి ఎపిసోడ్ ఆటోప్లే దగ్గరున్న టిక్కు తీసేయండి, టీవీలో కూడా ఆగిపోతుంది. ప్రొఫైల్‌కు ప్రొఫైల్ విడిగా తీయాలి. మా ఇంట్లో నాది తీశాను, పాపది తీశాను. మా ఆయనది ఆయన తీయనివ్వలేదు.